ముందు వచ్చింది కాదు, ముందు గడువు తీరేది

మధ్యాహ్నం పూట డిస్ట్రిబ్యూటర్ దగ్గరి కుర్రాడు బండి మీద ఒక అట్టపెట్టె తెచ్చి మెడికల్ షాపు కౌంటర్ మీద దింపుతాడు. బిల్లు మీద సంతకం పెట్టించుకుని వెళ్ళిపోతాడు. పెట్టెలో బీపీ బిళ్ళల డబ్బాలున్నాయి. ర్యాక్‌లో అవే బిళ్ళలు ఇంతకుముందువీ కొన్ని ఉన్నాయి. ఏవి ముందు పెట్టాలి, ఏవి వెనక పెట్టాలి? కిరాణా కొట్టులో నాలుగు రోజులు పనిచేసిన ఎవరినడిగినా, పాత సరుకు ముందుకు లాగి కొత్తది వెనక పెట్టమంటారు. పప్పులకూ ఉప్పులకూ ఆ పద్ధతి సరిపోతుంది. మందుల దగ్గర మాత్రం అది తరచూ మోసం చేస్తుంది. షాపుకు కొత్తగా వచ్చిన డబ్బా, ఫ్యాక్టరీలో కొత్తగా తయారైనదే కావాలని ఏమీ లేదు.

ఒక షాపు ఒకే మందును ఇద్దరు ముగ్గురు డిస్ట్రిబ్యూటర్ల దగ్గర కొంటుంది. వాళ్ళలో ఒకరి గోడౌన్‌లో సరుకు వారంలో తిరిగిపోతుంది. ఇంకొకరి దగ్గర అదే మందు ఏడెనిమిది నెలలు పడి ఉంటుంది. ఆగస్టులో మొదటాయన ఇచ్చిన డబ్బా మీద ఎక్స్‌పైరీ రెండేళ్ళ దూరంలో ఉంటే, డిసెంబరులో రెండో ఆయన పంపిన డబ్బా మీద తొమ్మిది నెలలే ఉండొచ్చు. పైగా గడువు దగ్గరపడిన సరుకునే ‘50 కొంటే 10 ఉచితం’ అన్న స్కీముతో వదిలించుకోవడం ఈ వ్యాపారంలో మామూలే. అందుకని మందుల షాపులో వరుసను రాక తేదీ నిర్ణయించకూడదు. డబ్బా మీద అచ్చయిన గడువు నిర్ణయించాలి. ఏ బ్యాచ్ గడువు ముందు తీరుతుందో ఆ బ్యాచే ముందు కౌంటర్ దాటాలి. ఇంగ్లిష్‌లో ‘ఫస్ట్ ఎక్స్‌పైరీ ఫస్ట్ అవుట్’ అంటారు, పొడి అక్షరాల్లో ‘ఫెఫో’.

ఇది పాటించాలంటే మొదట మందును బ్యాచ్‌లుగా చూడటం అలవాటు కావాలి. ‘మన దగ్గర టెల్మిసార్టాన్ 112 షీట్లు ఉన్నాయి’ అన్న మాటలో సగం సమాచారమే ఉంది. ఏ బ్యాచ్‌వి ఎన్ని, ఒక్కోదాని గడువు ఎప్పుడు, ఎమ్మార్పీ ఎంత, ఎవరి దగ్గర కొన్నాం అన్నవి కూడా తెలిస్తేనే అది స్టాకు లెక్క. బ్యాచ్ అంటే ఫ్యాక్టరీలో ఒకే ఉత్పత్తి క్రమంలో, ఒకే నాణ్యతతో తయారైన రాశి. దానికి కంపెనీ ఒక నంబరు వేస్తుంది. వేరే కంపెనీ తన మందుకు అదే నంబరు వేసుకున్నా అడిగేవాళ్ళు లేరు కాబట్టి, బ్యాచ్ నంబరును ఎప్పుడూ మందు పేరుతో కలిపే చూడాలి.

గడువు చదవడంలో ఒక చిన్న మెలిక ఉంది. మన దేశపు డ్రగ్స్ నిబంధనల ప్రకారం ఎక్స్‌పైరీని నెల, సంవత్సరంగా వేస్తారు. 05/2026 అని ఉంటే ఆ మే నెల చివరి రోజు వరకూ మందు పనికొస్తుందని అర్థం. కొన్ని షాపుల కంప్యూటర్లలో దీన్ని మే 1గా నమోదు చేస్తుంటారు. అప్పుడు ఇంకా నెల రోజులున్న మందును సాఫ్ట్‌వేర్ అమ్మనివ్వదు. దీనివల్ల పోయేది షాపాయన డబ్బే గానీ రోగికి ప్రమాదం లేదు. అసలు ప్రమాదం తయారీ తేదీని గడువుగానూ, గడువును తయారీ తేదీగానూ కొట్టేసినప్పుడు వస్తుంది. ఎంట్రీ చేసేటప్పుడు గడువు ఈ నెల కంటే ముందున్నట్టు కనిపించినా, తయారీకీ గడువుకూ మధ్య అయిదేళ్ళు దాటినట్టు కనిపించినా అనుమానించి డబ్బాను మళ్ళీ చూడాలి.

బ్యాచ్ నంబరులో ఇంగ్లిష్ ‘ఓ’కూ సున్నాకూ, ‘ఎస్’కూ అయిదుకూ తేడా తెలియక తప్పులు పడతాయి. రేకు మీద నొక్కిన అక్షరాలైతే వెలుతురుకు అటూఇటూ తిప్పితే గానీ కనపడవు. ఇంతకంటే పెద్ద తప్పు ఇంకొకటుంది. సరుకు చూడకుండా డిస్ట్రిబ్యూటర్ బిల్లును చూసి ఎంట్రీ చేసేయడం. బిల్లులో ఒక బ్యాచ్ పడి, పెట్టెలో ఇంకో బ్యాచ్ రావడం అరుదేమీ కాదు. అందుకే డబ్బా చేతిలో పట్టుకుని, బిల్లు మీద ఒక్కో వరుసకూ టిక్కు పెట్టాకే ర్యాక్ ఎక్కించాలి. 2023 ఆగస్టు 1 తర్వాత తయారైన 300 బ్రాండ్ల మందుల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి అయింది. స్కాన్ చేస్తే బ్యాచ్, తయారీ తేదీ, గడువు కనిపిస్తాయి. మిగతా వేలాది మందులకు ఇప్పటికీ కళ్ళే దిక్కు.

ఇక లెక్కలోకి వద్దాం. ఒక చిన్న ఊళ్ళోని షాపునే తీసుకుందాం. 2026 జనవరి 1న అక్కడ ఒక బీపీ మందు మూడు బ్యాచ్‌లుగా ఉందనుకోండి. ఆగస్టులో వచ్చిన మొదటి బ్యాచ్‌లో 12 షీట్లు మిగిలాయి, గడువు 2026 మే. అక్టోబరులో వచ్చిన రెండో బ్యాచ్‌లో 40 షీట్లున్నాయి, గడువు 2027 జూన్. డిసెంబరులో స్కీము మీద 50కి 10 ఉచితంగా కలిపి 60 షీట్ల మూడో బ్యాచ్ వచ్చింది. దాని గడువు 2026 సెప్టెంబరు. షీటు కొన్న ధర 50 రూపాయలు కాబట్టి మూడో బ్యాచ్‌కు కట్టింది 2,500. ఈ మందు నెలకు సగటున 8 షీట్లు పోతుంది.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. సెప్టెంబరు గడువున్న షీటును ఎప్పటి దాకా అమ్మొచ్చు? చట్టం ప్రకారం సెప్టెంబరు 30 దాకా. కానీ బీపీ బిళ్ళలు కొనేవాళ్ళు నెలకు సరిపడా కొంటారు. సెప్టెంబరు 25న కొన్న మనిషి అక్టోబరు మూడో వారంలోనూ అవే వేసుకుంటూ ఉంటాడు. కాబట్టి అసలు ఆఖరు తేదీ ఆగస్టు నెలాఖరు. డబ్బా మీద ఉన్న గడువులోంచి రోగి మందు వాడే రోజులు తీసేస్తే మిగిలేదే షాపుకున్న గడువు. నా ఉద్దేశంలో ఫెఫోలో చాలామంది వదిలేసే మెట్టు ఇదే.

జనవరి నుంచి ఆగస్టు దాకా 8 నెలలు. నెలకు 8 చొప్పున 64 షీట్లు అమ్ముడవుతాయి. వచ్చిన వరుసలో అమ్మితే ముందు మొదటి బ్యాచ్ 12, తర్వాత రెండో బ్యాచ్ 40 పోతాయి. అప్పటికి జులై సగం అయిపోతుంది. మూడో బ్యాచ్‌కు నెలన్నరే మిగులుతుంది, అందులో 12 షీట్లు పోతాయి. 60లో 48 షీట్లు అలాగే ఉండిపోతాయి. కట్టిన 2,500లో 2,000 రూపాయలు మట్టికొట్టుకుపోయినట్టే. షీటు మీద 10 రూపాయలు మిగులుతుందనుకుంటే, ఆ నష్టం పూడటానికి ఇంకో 200 షీట్లు అమ్మాలి. ఈ మందుతోనే పూడ్చాలంటే రెండేళ్ళు చాలవు.

గడువు వరుసలో అమ్మితే మొదటి బ్యాచ్ 12 పోయాక మూడో బ్యాచ్ ముందుకొస్తుంది. ఆగస్టు చివరికి అందులో 52 పోతాయి, 8 మిగులుతాయి. రెండో బ్యాచ్ 40 షీట్లు సెప్టెంబరు నుంచి మొదలై జనవరి చివరికల్లా అయిపోతాయి. వాటికి 2027 మే దాకా టైముంది కాబట్టి బెంగ లేదు. 48 షీట్ల నష్టం 8కి దిగింది.

అయినా ఆ 8 ఎందుకు మిగిలాయి? వరుస ఎంత సరిగ్గా పెట్టినా మిగిలేవే అవి. కొన్న రోజే ఎక్కువ కొన్నారు. ఉచితంగా వచ్చిన 10 షీట్లలో 8 చెత్తలోకే పోతున్నాయంటే, ఆ స్కీము నిజంగా ఇచ్చింది రెండు షీట్లే. ఆర్డరు పెట్టే ముందు డిస్ట్రిబ్యూటర్‌ను ‘గడువు ఎంతుంది?’ అని ఒక్క మాట అడిగి ఉంటే, ఆగస్టు దాకా పోయేవి 64, ముందే అమ్ముకోవాల్సినవి 12, అంటే కొనగలిగేవి 52 అని కాగితం మీద రెండు నిమిషాల్లో తేలేది. ఫెఫో ఉన్న సరుకు నష్టాన్ని తగ్గిస్తుందే తప్ప ఎక్కువ కొన్న తప్పును దిద్దలేదు.

నెలకు 8 అన్న అంకె కూడా గట్టిది కాదు. చిన్న ఊళ్ళలో మందు కదిలేది డాక్టరుగారి చీటీ మీద. ఆయన బదిలీ అయినా, వేరే బ్రాండ్ రాయడం మొదలుపెట్టినా ఒక్క నెలలో ఎనిమిది రెండవుతుంది. అందుకే గడువు దగ్గరున్న వాటి లెక్కను ప్రతి నెలా కొత్త సగటుతో మళ్ళీ వేసుకోవాలి. ఎవరో ఒకసారి వచ్చి పాతిక షీట్లు పట్టుకెళ్తే ఆ అమ్మకాన్ని సగటులో కలపకూడదు.

అలా పట్టుకెళ్ళేవాళ్ళు మన ఊళ్ళలో తక్కువేమీ కాదు. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి ఆరు నెలలకు వెళ్ళే అమ్మానాన్నలు షుగర్, బీపీ మందులు మొత్తం ఒకేసారి కొంటారు. జనవరిలో అలాంటి పెద్దాయన కౌంటర్ దగ్గరికొచ్చి, “బాబూ, ఆరు నెలలకు సరిపడా కట్టివ్వు, అక్కడ మన చీటీ మీద ఇవ్వరట” అంటే కంప్యూటర్ ఏం చేస్తుంది? గుడ్డిగా మే గడువు బ్యాచ్‌ను ముందు చూపిస్తుంది. దాన్ని ఇచ్చేస్తే ఆయన జూన్‌లో న్యూజెర్సీలో కూర్చుని డేట్ అయిపోయిన బిళ్ళలు వేసుకోవాలి. ఇక్కడ వరుస తప్పించి, 2027 జూన్ గడువున్న రెండో బ్యాచ్ నుంచే ఇవ్వాలి. బిల్లులో కూడా బ్యాచ్‌ను మార్చి కొట్టాలి. మూడు రోజుల జ్వరానికి వచ్చినవాళ్ళకు గడువు నెలన్నరే ఉన్న షీటు నిశ్చింతగా ఇవ్వొచ్చు. వరుసలో ఏది ముందుందో చూశాక, ఈ మనిషికి ఎన్ని రోజులు వాడకం ఉందో కూడా చూడాలి.

కొన్ని మందులకు మూత తీసిన రోజు నుంచి ఇంకో గడియారం మొదలవుతుంది. కంటి చుక్కలు చాలావరకు మూత తీశాక నెల రోజులే. నీళ్ళు కలిపే పిల్లల యాంటీబయాటిక్ సిరప్పుల్లో చాలావాటికి కలిపాక వారం. వాటి డబ్బా మీద రెండేళ్ళ గడువున్నా ఇంటికెళ్ళాక అది లెక్కలోకి రాదు. కాబట్టి ఆ మాట కౌంటర్ దగ్గరే నోటితో చెప్పి పంపాలి.

ఇంతవరకూ కాగితం మీద లెక్క. అసలు చిక్కు చేతి దగ్గర వస్తుంది. సాయంత్రం ఆరు దాటాక కౌంటర్ ముందు పదిమంది నిలబడి ఉంటారు. కంప్యూటర్ ‘మూడో బ్యాచ్’ అని బిల్లు కొడుతుంది. లోపలున్న కుర్రాడు చేతికి అందిన డబ్బాలోంచి రెండో బ్యాచ్ షీటు లాగి ఇచ్చేస్తాడు. మొత్తం షీట్ల లెక్క సరిపోతుంది కాబట్టి ఎవరికీ తెలియదు. కంప్యూటర్ మాత్రం ఫెఫో బ్రహ్మాండంగా నడుస్తోందని నమ్ముతూ ఉంటుంది. అక్కడ ర్యాక్‌లో సెప్టెంబరు సరుకు కదలకుండా కూర్చుని ఉంటుంది.

ఇది పట్టుకోవడానికి ఒక మార్గముంది. బేరం పలచగా ఉన్న మధ్యాహ్నం ఒక పది రకాల మందుల్ని బ్యాచ్‌వారీగా లెక్కపెట్టాలి. మొత్తం కలిసి, బ్యాచ్‌లు మాత్రం ఒకదాంట్లో నాలుగు తక్కువ, ఇంకోదాంట్లో నాలుగు ఎక్కువ వచ్చాయంటే, దొంగతనం జరగలేదు, చెయ్యి బిల్లు మాట వినడం లేదని అర్థం. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఒక బ్యాచ్ ‘మైనస్ 4’ అని కూడా చూపిస్తుంది. లేని షీట్లు అమ్మినట్టు బిల్లు పడితేనే మైనస్ వస్తుంది. దీనికి మందు కంప్యూటర్‌లో దొరకదు, ర్యాక్‌లోనే ఉంది. రెండు బ్యాచ్‌లు ఒకే డబ్బాలో కలపకూడదు. తక్కువ గడువుది ముందు, ఎక్కువ గడువుది దాని వెనక ఉండాలి. చేయి చాస్తే తప్పుది అందకూడదు. మూడు నెలల్లో తీరేవాటి డబ్బాకు ఎర్ర స్టిక్కరు అంటిస్తే రద్దీలోనూ కనపడుతుంది.

విడిగా కత్తిరించి ఇచ్చే బిళ్ళల కథ వేరే. “నాలుగు గోళీలియ్యి చాలు” అనే గిరాకీ ప్రతి షాపులోనూ ఉంటుంది. చాలా షీట్ల మీద బ్యాచ్, గడువు ఒక కొసనే అచ్చయి ఉంటాయి. అనుభవమున్నవాళ్ళు కత్తెరను ఎప్పుడూ రెండో కొస నుంచి పెడతారు. అలా చేస్తే షాపులో మిగిలే ముక్క మీద తేదీ భద్రంగా ఉంటుంది. తొందరలో తేదీ ఉన్న కొసను కత్తిరించి ఇచ్చేస్తే, మిగిలిన ఆరు బిళ్ళలు ఏ బ్యాచ్‌వో ఇక ఎవరూ చెప్పలేరు. వాటిని అమ్మడం తప్పు, పారేయడం నష్టం. కట్ షీట్లకు వేరే డబ్బా పెట్టి, ఆ మందు అడిగిన తర్వాతి మనిషికి ముందు అందులోంచే ఇవ్వడం మేలు. దానివల్ల గడువు వరుస కొద్దిగా తప్పినా పెద్ద నష్టం లేదు. సాధారణంగా డిస్ట్రిబ్యూటర్లు కట్ షీటును వాపసు తీసుకోరు కాబట్టి అది త్వరగా పోవడమే ముఖ్యం. ఇలా కత్తిరించిన ముక్క తీసుకునేవాళ్ళు బిల్లు అడిగి తీసుకోవాలి. ముక్క మీద లేని బ్యాచ్, గడువు ఆ బిల్లులో ఉంటాయి.

బిల్లులోని బ్యాచ్ నిజం కావడం గడువు కోసమే కాదని 2025 అక్టోబరులో దేశమంతా చూసింది. మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో దగ్గు మందు తాగిన పిల్లలు కిడ్నీలు దెబ్బతిని చనిపోయారు. ఆ కోల్డ్రిఫ్ సిరప్ తమిళనాడులోని కాంచీపురం జిల్లాలో తయారైంది. ఎస్ఆర్-13 అన్న బ్యాచ్‌ను పరీక్షిస్తే అందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం 48.6 శాతం ఉందని అక్కడి ల్యాబ్ తేల్చింది. తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ కూడా ఆ బ్యాచ్ వాడొద్దని హెచ్చరిక ఇచ్చింది. ఆ సీసా మీద గడువు 2027 ఏప్రిల్ దాకా ఉంది. గడువు ప్రకారం చూస్తే ఏ లోపమూ లేని మందు. అలాంటి హెచ్చరిక వచ్చిన సాయంత్రం షాపాయన రెండు పనులు చేయాలి. ర్యాక్‌లో ఆ బ్యాచ్ ఉంటే తీసి పక్కన పెట్టాలి. ఇప్పటికే ఎవరికి అమ్మాడో చూసి ఫోన్ చేయాలి. మొదటిది కళ్ళతో వెతికినా అవుతుంది. రెండోది మాత్రం ఇచ్చిన బ్యాచే బిల్లులో పడి ఉంటేనే కుదురుతుంది. పడకపోతే ఫోన్ వెళ్ళాల్సిన ఇంటికి వెళ్ళదు.

కంప్యూటర్ లేని షాపుల్లో ఈ పనంతా ఒక నోటుబుక్కుతో జరుగుతుంది. అది సాఫ్ట్‌వేర్ కంటే తక్కువేమీ కాదు. నెలకొక పేజీ చొప్పున రాబోయే రెండేళ్ళకు పేజీలు విడగొట్టుకోవాలి. సరుకు వచ్చిన రోజే, ఏ మందు ఏ నెలలో తీరుతుందో ఆ నెల పేజీలో మందు పేరు, బ్యాచ్, ఎన్ని, ఏ డిస్ట్రిబ్యూటర్, బిల్లు నంబరు రాయాలి. ప్రతి నెలా ఒకటో తేదీన మూడు నెలల తర్వాతి పేజీ తెరవాలి. జనవరి ఒకటిన ఏప్రిల్ పేజీ అన్నమాట. అందులో ఉన్నవాటిని ర్యాక్‌లో వెతికి, ఇంకా ఎన్ని మిగిలాయో పక్కన రాసి, పోతాయనుకున్నవి ముందుకు జరిపి, పోవనుకున్నవి వాపసు పెట్టెలో వేయాలి.

పేజీలో డిస్ట్రిబ్యూటర్ పేరు ఎందుకో వాపసు రోజు తెలుస్తుంది. గడువు తీరిన, తీరబోతున్న సరుకుకు క్రెడిట్ నోట్ ఇచ్చేటప్పుడు డిస్ట్రిబ్యూటర్ తన పుస్తకంలో ఆ బ్యాచ్ మీకు అమ్మాడో లేదో చూస్తాడు. ‘ఇది మా దగ్గర కొన్నది కాదండీ’ అని తిప్పి పంపడం తరచూ జరిగేదే. వాపసు గడువు కంపెనీని బట్టి మారుతుంది. ఎక్కువగా ఎక్స్‌పైరీకి అటూఇటూ కొన్ని నెలలే ఉంటుంది. ఆ కిటికీ దాటితే సరుకు మీదే. ఫ్రిజ్‌లో పెట్టే ఇన్సులిన్ లాంటివాటిని చాలాసార్లు వెనక్కి తీసుకోరు కాబట్టి, వాటిని మొదటి నుంచీ కొద్దికొద్దిగానే తెప్పించుకోవాలి.

గడువు తీరిపోయి, వాపసుకు వెళ్ళేలోపు షాపులోనే ఉన్న మందుల గురించి నిబంధనల్లో స్పష్టంగా ఉంది. డ్రగ్స్ రూల్స్ 65వ నిబంధన ప్రకారం వాటిని అమ్మకపు సరుకుతో కలిపి ఉంచకూడదు. వేరే పెట్టెలో పెట్టి, పైన ‘అమ్మకానికి కాదు’ అని కొట్టొచ్చినట్టు కనపడేలా రాయాలి. ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు ర్యాక్‌లో గడువు తీరిన షీటు ఒక్కటి దొరికినా, అమ్మడానికే పెట్టుకున్నారనే లెక్క.

మన లెక్కలో మిగిలిన 8 షీట్ల సంగతి జనవరిలోనే తెలిసింది కాబట్టి, సెప్టెంబరు పేజీ తెరిచే దాకా ఆగక్కర్లేదు. స్కీము అంటగట్టిన డిస్ట్రిబ్యూటర్‌కే ఈ వారమే ఫోన్ చేసి, పూర్తి షీట్లుగా ఉన్నప్పుడే ఓ ఎనిమిది మార్చి ఎక్కువ గడువువి ఇవ్వమని అడగొచ్చు. తొమ్మిది నెలల గడువున్న సరుకైతే ఆయన ఇంకో షాపులో అమ్ముకోగలడు. ఆగస్టులో అడిగితే ఆ సౌకర్యం ఆయనకూ ఉండదు.